ఫుల్ ఫేస్ హెల్మెట్, కానీ పట్టీ చీటీ మీద /J అని ఉంది. ఫొటోలు చూసి అసలో నకిలీయో చెప్పగలరా?

రెండుచక్రాల_రవి (ప్రశ్న వేసినవారు)
అందరికీ నమస్కారం. ఆన్‌లైన్‌లో ఒకాయన ఫుల్ ఫేస్ హెల్మెట్ అమ్మకానికి పెట్టాడు. "బాక్స్ పీస్, ఒక్కసారి కూడా పెట్టుకోలేదు" అంటున్నాడు. మనిషి దూరంలో ఉన్నాడు, వెళ్లి చేత్తో పట్టుకుని చూసే వీలు లేదు. ఐదు ఫొటోలు పంపాడు. ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, ఎడమ పక్క నుంచి ఒకటి, తలకిందులుగా పెట్టి లోపలి భాగం ఒకటి, గడ్డం కింద పట్టీకి కుట్టిన చిన్న గుడ్డ చీటీ దగ్గర నుంచి ఒకటి.

చీటీ మీద వలయంలో E3 ఉంది. దాని కింద ఇలా ఉంది (మధ్య అంకెలు నేనే దాచాను):

```
05xxxx/J-10458
```

వెనకాల షెల్ మీద వెండి రంగు స్టిక్కర్, DOT APPROVED అని. ఫొటోల్లో అయితే మెరిసిపోతోంది. రెండు రోజుల్లో ఏ సంగతో చెప్పమన్నాడు. మీరైతే ఏం చూస్తారు?

గేరు_గోపి
E గుర్తు ఉంటే ఒరిజినలే బ్రో, టెన్షన్ పడకు. కాకపోతే ఒక డౌటు. E, DOT రెండూ ఒకే హెల్మెట్ మీద ఉండవు. యూరప్‌కి ఒక మోడల్, అమెరికాకి ఇంకో మోడల్ చేస్తారు. రెండు స్టిక్కర్లూ కనిపిస్తే డూప్లికేట్ అని మా ఫ్రెండ్ ఎప్పుడూ అంటుంటాడు. మరి ఇందులో ఏది నమ్మాలో నువ్వే చూసుకో.

డబుల్_డి
గోపి గారు చెప్పిన రెండు మాటలూ సగం సగమే నిజం. నేను కొన్నేళ్లు ఒక గోడౌన్‌లో వాపసు వచ్చిన హెల్మెట్లు విడదీసి చూసే పని చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

రెండు గుర్తులూ ఉన్న అసలు హెల్మెట్లు ఉన్నాయి. ఒకే మోడల్‌తో రెండు ప్రమాణాలూ అందుకునే తయారీదారులు ఉన్నారు. కాబట్టి అదొక్కటే పట్టుకుని నకిలీ అనలేం. అలాగే వలయంలో E కనిపించినంత మాత్రాన అసలు అనీ అనలేం. గుడ్డ మీద వలయం ముద్రించడం ఎవరికైనా చేతనవుతుంది. నకిలీ చేసేవాడు తప్పు చేసేది దాని కింద ఉన్న నంబర్‌లో. ఎందుకంటే అతనికి అది అలంకారం, అర్థం తెలియదు.

రవి గారూ, మీ చీటీ చదువుదాం. E3 అంటే ఇటలీ ఆమోదం ఇచ్చిందని. అక్కడ తయారైందని కాదు, ఎక్కడ తయారైనా E3 ఉండొచ్చు. జర్మనీ అయితే E1, నెదర్లాండ్స్ అయితే E4. తర్వాత నంబర్‌లో మొదటి రెండంకెలు, మీ దాంట్లో 05, యూరప్ హెల్మెట్ నిబంధనలో ఏ కూర్పు ప్రకారం ఆమోదం వచ్చిందో చెబుతాయి. కొత్త కూర్పు 06. అది అమల్లోకి వచ్చింది 2021 జనవరిలో. 2019లో తయారైందని లోపల రాసి ఉండి, పట్టీ మీద 06తో నంబర్ మొదలైతే అది నకిలీయే, ఇంకేమీ చూడనక్కర్లేదు.

ఇక ఏటవాలు గీత తర్వాత అక్షరం. అసలు కథంతా అక్కడే ఉంది. P అంటే గడ్డం ముందుండే భాగం కూడా దెబ్బ తట్టుకోవాలని పరీక్షించారు. J అంటే గడ్డానికి రక్షణ భాగమే లేని హెల్మెట్, అంటే ఓపెన్ ఫేస్. NP అంటే గడ్డం ముందు ఏదో ఉంది కానీ అది రక్షణ ఇవ్వదు. పైకి లేపే రకం హెల్మెట్లు రెండు స్థితుల్లోనూ పాసైతే P/J అని ఉంటుంది.

మీది ఫుల్ ఫేస్ అంటున్నారు, చీటీ J అంటోంది. రెండింట్లో ఒకటి అబద్ధం. లేదా అది మీరనుకునే రకం ఫుల్ ఫేస్ కాదు. ఎడమ పక్క ఫొటో పెద్దది చేసి, చెవి దగ్గర గడ్డం భాగం షెల్‌లో కలిసే చోట సన్నని గీత గానీ స్క్రూ గానీ ఉందేమో చూడండి.

మబ్బు_దారి
నాదీ స్టిక్కర్ గోలే. కొత్త హెల్మెట్ మీద కంపెనీ వేసిన పెద్ద గ్రాఫిక్ స్టిక్కర్ నచ్చలేదు, పీకేశాను. జిగురు మరక పోవట్లేదు. పెట్రోలు రాస్తే పోతుందా?

డబుల్_డి
రాయొద్దండీ! ఇక్కడి విషయం వేరే అయినా ఇది చెప్పక తప్పదు. షెల్ పాలీకార్బొనేట్ అయితే పెట్రోలు, థిన్నర్ లాంటివి తగిలి ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. పైకి ఏమీ కనిపించదు కూడా. సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో గుడ్డ తడిపి కాసేపు వేసి ఉంచండి, ఓపిగ్గా వేలితో రుద్దండి.

రెండుచక్రాల_రవి
మీరన్నట్టే చూశాను. చెవి కింద సన్నని గీత ఉంది! అందులో చిన్న గుండ్రటి మూత, కింద స్క్రూ ఉన్నట్టుంది. అంటే గడ్డం భాగం ఊడుతుందా? ఇంతసేపూ అది డిజైన్ అనుకున్నాను. అలా అయితే /J సరైనదే కదా? హెల్మెట్ అసలుదే అన్నమాట?

డబుల్_డి
అవ్వొచ్చు. ఓపెన్ ఫేస్‌గా ఆమోదం పొందిన హెల్మెట్‌కి తగిలించుకునే గడ్డం ముక్క ఇస్తారు కొందరు. అలాంటప్పుడు J అన్నది నిజమే చెబుతోంది, ఆ ముక్కని లెక్కలోకి తీసుకోలేదని. అమ్మేవాడు దాన్ని ఫుల్ ఫేస్ అని రాయడమే తప్పు. హెల్మెట్ అసలుదైనా మీరు కొనాలనుకున్న వస్తువు కాదు.

DOT స్టిక్కర్ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. DOT అంటే అమెరికా రవాణా శాఖ, ఆ శాఖ హెల్మెట్లకి ఆమోదం ఇవ్వదు. తయారీదారే పరీక్ష చేయించుకుని, ప్రమాణానికి సరిపోతుందని తనే ప్రకటించుకుంటాడు. ప్రభుత్వం తర్వాత మార్కెట్లో కొన్ని కొని పరీక్షిస్తుంది. అందుకే ఆ స్టిక్కర్ మీద ఉండాల్సిన మాట CERTIFIED. 2013 మే తర్వాత తయారైన వాటికి తయారీదారు లేదా బ్రాండ్ పేరు, మోడల్ పేరు, DOT, FMVSS No. 218, CERTIFIED ఇవన్నీ వెనక భాగం మధ్యలో, కింది అంచుకి 2.5 నుంచి 7.6 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. మీ దాని మీద APPROVED అని ఉంది. ఆ ఇవ్వని ఆమోదాన్ని ఎవరో ప్రింటు కొట్టించుకున్నారు.

గేరు_గోపి
APPROVED అని ఉంటే తప్పా? నా హెల్మెట్ అట్టపెట్టె మీద కూడా అలాగే ఉన్నట్టు గుర్తు.

డబుల్_డి
అట్టపెట్టె మీద అమ్మకాలవాళ్లు ఏదైనా రాస్తారు. నేను చెప్పేది షెల్ మీది స్టిక్కర్ గురించి.

శ్రావణి_రైడ్స్
నా అనుభవం చెప్తాను. స్టిక్కర్ల జోలికి పోకుండా పట్టీ చూడమంటాను నేను. పోయినేడు ఒక హెల్మెట్ కొన్నాను, బయటికి చాలా బాగుంది. లోపలి గుడ్డ ఉతుకుదామని బుగ్గల ప్యాడ్లు తీస్తే, ఎడమ పట్టీ షెల్‌కి బిగించి లేదు! ప్యాడ్ వెనకాల ప్లాస్టిక్ పలకకి రెండు వరసల కుట్టు, అంతే. కుడి వైపు రివెట్ ఉంది కానీ దాని తల బొడిపెలా పైకి లేచి, వేలు పెడితే గిరగిరా తిరిగింది. ఆరు నెలలు దాన్నే పెట్టుకుని తిరిగాను. పట్టీ బిగించిన ప్రతిసారీ "టక్" అని బకిల్ శబ్దం వస్తే ధైర్యంగా ఉండేది నాకు 😑

రవి గారూ, బుగ్గల ప్యాడ్లు తీసి, పట్టీ షెల్‌లోకి దిగే చోటు రెండు వైపులా ఫొటో తీయమని అడగండి. చాలా ప్యాడ్లకి ప్రెస్ బటన్లే ఉంటాయి, తియ్యడానికి నిమిషం పట్టదు.

రెండుచక్రాల_రవి
అడిగాను. "కొత్త పీస్, విప్పితే పాడవుతుంది" అంటున్నాడు.

శ్రావణి_రైడ్స్
ప్రెస్ బటన్ విప్పితే పాడవుతుందా!

పాత_కెమెరా
హెల్మెట్ల గురించి నాకు పెద్దగా తెలియదు. ఫొటోల గురించైతే తెలుసు. అమ్మకం ఫొటోల్లో నున్నగా కనిపించే ప్రతిదీ నున్నగా ఉండదు. ఫోనే మచ్చల్ని చెరిపేస్తుంది. షెల్ సమంగా ఉందో లేదో తెలియాలంటే రంగు చూడకూడదు, దాని మీద పడిన వెలుగు చూడాలి. పొడుగాటి ట్యూబ్‌లైట్ కింద హెల్మెట్ పెట్టి, ఆ వెలుగు గీత షెల్ మీద ఎలా వంగిందో చూడాలి. ఒంపు వెంట సాఫీగా జారితే మంచిదే. మధ్యలో మెలిక తిరిగినా, ఎక్కడైనా తెగి మళ్లీ మొదలైనా అక్కడ గుంటో ఉబ్బో ఉన్నట్టు. ఒకే ఫొటో నమ్మొద్దు, హెల్మెట్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ చిన్న వీడియో తీయిస్తే ఇంకా మేలు.

డబుల్_డి
బాగా చెప్పారు. మేమూ అదే చేసేవాళ్లం, కాకపోతే ఫోను బదులు కళ్లతో.

రవి గారి మూడో ఫొటోలో కిటికీ వెలుగు పడింది చూడండి. పై నుంచి చెవి వరకు తెల్ల గీత సాఫీగా వచ్చింది, రివెట్ దగ్గరికి వచ్చేసరికి చిన్న గుంట చుట్టూ మెలిక తిరిగింది. ప్లాస్టిక్ షెల్‌లో రివెట్‌ని ఎక్కువ బలంతో నొక్కినా, అక్కడ షెల్ పలచగా ఉన్నా అలా లోపలికి పీక్కుపోతుంది. చుట్టూ తెల్లటి పాలిపోయిన మచ్చ కూడా ఉంటే ప్లాస్టిక్ ఒత్తిడికి లోనైనట్టు. నలుపు రంగు వేస్తే ఆ మచ్చ బయటికి కనబడదు, లోపలి వైపు నుంచి చూడాలి. అందుకే శ్రావణి గారు అడగమన్న ఫొటో ముఖ్యం. పట్టీ, రివెట్, షెల్ లోపలి రంగు మూడూ అందులోనే తెలుస్తాయి.

పట్టీ వెడల్పు మీద యూరప్ నిబంధనలో ఒక లెక్క ఉంది, లాగి పట్టినప్పుడు కూడా 20 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉండకూడదు. ఫొటోలో కొలవాలంటే పట్టీ పక్కనే, అదే ఎత్తులో స్కేలు పెట్టించాలి. వేరే ఫొటోలో ఉన్న వస్తువుతో పోల్చి అంచనా వేస్తే తప్పుతారు, కెమెరాకి దగ్గరగా ఉన్నది ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తుంది.

ఇంకొకటి, పట్టీ చివర ప్రెస్ బటన్ ఉంటుంది కదా, అది మిగిలిన కొస గాలికి కొట్టుకోకుండా పట్టి ఉంచడానికే. బరువు మోసేది రెండు D ఆకారపు ఉక్కు రింగులో, పళ్ల బకిలో. కొన్ని బొమ్మ హెల్మెట్లలో ఆ బటనే తాళం! ఫొటోలో రింగులూ బకిలూ కనిపించకుండా బటన్ మాత్రమే కనిపిస్తే ముందు అది అడగండి.

గేరు_గోపి
నేనైతే బరువు చూస్తా. బరువుంటే అసలు, తేలిగ్గా ఉంటే డూప్లికేట్. షెల్ ఎంత మందంగా ఉంటే అంత మంచిది. సింపుల్.

మలుపు_మాధవి
కార్బన్ షెల్ హెల్మెట్లు తేలిగ్గానే ఉంటాయి కదా, వాటిని నకిలీ అంటారా?

డబుల్_డి
బరువు ఒక చివర మాత్రమే పనికొస్తుంది. మామూలు హెల్మెట్ కిలోకి పైనే ఉంటుంది. అరకిలో కూడా లేనిది దొరికితే లోపల సరైన నురుగు లేనట్టే అనుకోవచ్చు, అమెరికా రోడ్డు భద్రతా సంస్థ కూడా అలాంటి వాటి గురించే హెచ్చరిస్తుంది. కానీ కిలోన్నర ఉంది కాబట్టి మంచిది అనడానికి లేదు. మందంగా పోత పోసిన నాసిరకం ప్లాస్టిక్ కూడా బరువే.

మందం కంటే లోపలి నురుగు చూడండి. గుడ్డ లైనింగ్ పక్కకి తీస్తే సన్న సన్న పూసలు అతుక్కున్నట్టుండే గట్టి తెల్ల లేదా నల్ల థర్మాకోల్ లాంటిది కనిపించాలి, సుమారు 2.5 సెంటీమీటర్ల మందంలో. దెబ్బ తగిలినప్పుడు నలిగేది అదే. వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి లేచే స్పాంజి మాత్రమే ఉంటే, అది తల మెత్తగా ఉండటానికి పెట్టిన దిండు. ఫొటోలో తెలియాలంటే వేలితో నొక్కి పట్టుకుని తీయించండి, వేలి చుట్టూ పల్లం పడిందో లేదో కనిపిస్తుంది. నురుగు ఇంతకుముందే నలిగిందా అన్నది మాత్రం ఏ ఫొటోలోనూ పట్టలేం. నేను చేత్తో చూసి కూడా కొన్నిసార్లు తప్పు చెప్పాను.

నీలి_హారన్
ఒక్క నిమిషం. రవి గారు పెట్టిన చీటీ ఫొటో ఎక్కడో చూసినట్టుందని వెతికాను. అదే సైట్‌లో ఎరుపు రంగు హెల్మెట్ ఒకటి అమ్మకానికి ఉంది, వేరే పేరుతో ఉన్న అమ్మకందారు. చీటీ ఫొటో వేరే, వెనకాల నేల వేరే, వెలుగు వేరే. నంబర్ మాత్రం ఇదే, చివర 10458 వరకు.

డబుల్_డి
మధ్య అంకెలు కూడా కలిశాయా? అవి కలవడంలో వింత లేదు, ఒకే మోడల్‌కి ఆమోదం నంబర్ ఒకటే. చివర అడ్డగీత తర్వాత వచ్చేదే ఒక్కో హెల్మెట్‌కి ఇచ్చే వరుస సంఖ్య. అది రెండింటికి కలవకూడదు.

నీలి_హారన్
రవి గారు నాకు విడిగా పంపిన అంకెలతో పోల్చాను. మొత్తం అదే.

పాత_కెమెరా
ఫొటో ఒకటే అయితే దొంగిలించి వాడుకున్నారనుకోవచ్చు. రెండు వేర్వేరు ఫొటోలు అంటున్నారు కాబట్టి రెండు చీటీలు ఉన్నట్టే. రవి గారూ, తాజాగా ఒక ఫొటో అడగండి. కాగితం మీద ఇవాళ్టి తేదీ రాసి చీటీ పక్కన పెట్టి, చీటీ అంచు కుట్టు కూడా కనిపించేలా.

రెండుచక్రాల_రవి
వచ్చింది. తేదీ ఉంది, హెల్మెట్ అతని దగ్గరే ఉంది. నంబర్ అదే 10458. కుట్టు మీరే చూడండి. చీటీని కుట్టింది తెల్ల దారం, పట్టీ మిగతా కుట్లన్నీ నల్ల దారం. చీటీ కింద అంచు బయట, పట్టీ మీద సూది రంధ్రాల వరస ఒకటి ఖాళీగా కనబడుతోంది.

మలుపు_మాధవి
అంటే పాత చీటీ ఊడదీసి కొత్తది కుట్టారా?

డబుల్_డి
అలాగే కనిపిస్తోంది. అయితే ఖచ్చితంగా ఇదీ అని చెప్పలేను. అసలు పట్టీ మీద నకిలీ చీటీ కుట్టి ఉండొచ్చు, వేరే హెల్మెట్ నుంచి పట్టీయే తీసి దీనికి వేసి ఉండొచ్చు. దారం రంగు ఒక్కటే అయితే నేను పట్టించుకోను, ఫ్యాక్టరీలో కూడా చీటీకి వేరే దారం వాడతారు. ఖాళీ రంధ్రాలు, రెండు చోట్ల ఒకే వరుస సంఖ్య, APPROVED స్టిక్కర్, రివెట్ దగ్గర గుంట ఇన్ని ఒకచోట కలిస్తే నేను దూరంగా ఉంటాను. మీ ఇష్టం.

రెండుచక్రాల_రవి
వద్దని చెప్పేశాను. "మీలాంటోళ్లు కొనరు, ఊరికే ప్రశ్నలు అడుగుతారు" అని మెసేజ్ పెట్టి బ్లాక్ చేశాడు 😄

తడి_రోడ్డు
ఆలస్యంగా చూశాను. ISI గుర్తున్న హెల్మెట్లకి ఇదే పద్ధతి పనిచేస్తుందా?

నీలి_హారన్
అది కొంచెం తేలికే. గుర్తు పైన IS 4151 అని, కింద CM/L- తో మొదలయ్యే లైసెన్స్ నంబర్ ఉండాలి. ఆ నంబర్‌ని BIS Care యాప్‌లో కొడితే ఏ తయారీదారుదో, ఇంకా చెల్లుబాటులో ఉందో లేదో వస్తుంది. హెల్మెట్ మీది పేరు, యాప్‌లో వచ్చిన పేరు పోల్చండి. నంబర్ అసలుదే అయినా వేరేవాళ్లది ఎత్తుకొచ్చి కొట్టేవాళ్లుంటారు.

డబుల్_డి
అవును. నంబర్ ఉందా లేదా అని కాదు, ఎవరిది అని చూడాలి.

గేరు_గోపి
ఇదంతా చదివి నా హెల్మెట్ పట్టీ తిరగేసి చూశా. E వలయం ఉంది, 05 ఉంది, చివర /NP అని ఉంది. పైకి లేపే రకం. నాలుగేళ్లుగా గడ్డం భాగం దించుకునే తిరుగుతున్నా. డబుల్ డి గారూ, ముందు మీరు చెప్పిన NP ఇదేనా?

డబుల్_డి
ఇదే గోపి గారూ. హెల్మెట్ అసలుదే అయ్యుండొచ్చు, చీటీ నిజమే చెబుతోంది. గడ్డం భాగం మీద గానీ లోపల గానీ అది రక్షణ ఇవ్వదని ఒక హెచ్చరిక కూడా ఉండాలి, వెతకండి.

గేరు_గోపి
ఉంది. ప్యాడ్ వెనకాల, ఇంగ్లిష్‌లో, చీమ తలకాయంత అక్షరాల్లో.